టార్క్ దిక్కు ఎందుకు తిరగబడుతోంది: సైకిల్ చక్రం దగ్గర పెట్టుకుని చూద్దాం

ప్రశ్న: సార్, నేను ఇంటర్ ఫస్టియర్, శ్రీకాకుళం. టార్క్, యాంగ్యులర్ వెలాసిటీ లెక్కల్లో విలువ కరెక్టుగానే వస్తోంది కానీ డైరెక్షన్ మాత్రం సగం సార్లు రివర్స్ అయిపోతోంది. కుడిచెయ్యి రూల్ అసలు ఎలా పెట్టాలి? టార్కూ ఒమేగా ఎప్పుడూ ఒకే వైపు ఉంటాయా?

జవాబు:

బాబూ, "సగం సార్లు" అన్నావు చూడు, తప్పు ఎక్కడుందో ఆ మాటలోనే సగం తెలిసిపోతోంది. ప్రతిసారీ రివర్స్ వస్తే ఒకటే అలవాటు తప్పు అన్నమాట, దాన్ని తిప్పుకుంటే సరిపోతుంది. సగం సార్లు వస్తోందంటే నువ్వు ఒక లెక్కలో ఒకలాగ, ఇంకో లెక్కలో ఇంకోలాగ చేస్తున్నావు, చేస్తున్నట్టు నీకే తెలియట్లేదు. ఇరవై ఏళ్ళ పైనుంచి ఇంటర్ పిల్లలకి ఇదే పాఠం చెప్తున్నాను, పేపర్లు దిద్దినప్పుడు కనిపించే తప్పులు మూడో నాలుగో, అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి.

మొదటిది చెయ్యి. పరీక్ష హాల్లో వెనకాల నిలబడి చూస్తే బాగా తెలుస్తుంది, కుడిచేతిలో పెన్ను ఉంటుంది, పెన్ను కింద పెట్టరు, ఖాళీగా ఉన్న ఎడమచెయ్యి గాల్లోకి లేపి వేళ్ళు తిప్పేస్తారు. ఎడమచెయ్యి పెడితే బొటనవేలు సరిగ్గా ఎదురు దిక్కు చూపిస్తుంది, విలువ మాత్రం ఏమీ మారదు. పెన్ను పక్కన పెట్టిన లెక్కల్లో కరెక్టు, చేతిలో ఉన్న లెక్కల్లో రివర్స్, నీ "సగం సార్లు" కి ఇది ఒక కారణం అయ్యుంటుంది. దీనికి తోడు పదో తరగతిలో నేర్చుకున్న ఫ్లెమింగ్ ఎడమచెయ్యి రూలు బుర్రలో ఉండిపోతుంది, "అక్కడ ఎడమచెయ్యి పెట్టేం కదా, ఇక్కడెందుకు పెట్టకూడదు" అని అడిగినవాళ్ళు చాలామంది. అక్కడ చూపుడువేలు అయస్కాంత క్షేత్రానికి, మధ్యవేలు కరెంటుకి ఇస్తారు. కానీ బలం వచ్చేది కరెంటు ముందు, క్షేత్రం తర్వాత పెట్టిన క్రాస్ ప్రొడక్ట్ నుంచి. అంటే అక్కడ వేళ్ళ వరస మార్చేరు, చెయ్యి కూడా మార్చేరు, రెండు మార్పులూ ఒకదాన్ని ఒకటి కొట్టేసుకున్నాయి. టార్క్‌లో మనం వరస మార్చం, అందుకని చెయ్యి కూడా మార్చకూడదు.

ఇప్పుడు వరస. టార్క్ అంటే

τ = r × F

r ముందు, F తర్వాత. F × r అని రాస్తే మైనస్ వచ్చేస్తుంది, మామూలు గుణకారంలాగ ముందూ వెనకా అయినా పర్లేదు అనుకోకు. చెయ్యి పెట్టే పద్ధతి ఏమిటంటే, కుడిచేతి నాలుగు వేళ్ళూ చాచి r దిక్కులో పెట్టు, అరచెయ్యి F వైపు చూసేలాగ మణికట్టు తిప్పుకో, ఆ తర్వాత వేళ్ళు F వైపు ముడువు. బొటనవేలు ఎటు చూస్తే అటే టార్క్. ఈ "అరచెయ్యి F వైపు" అన్న మాట దగ్గరే చాలామంది తొందరపడతారు, అరచెయ్యి అవతల పక్కకి ఉండిపోతే వేళ్ళు F వైపు ముడుచుకోవు కదా, అప్పుడేం చేస్తారంటే చుట్టూ దూరం దారిన తిప్పుకుని వస్తారు, అంటే రెండు వెక్టర్ల మధ్య 90 డిగ్రీలు ఉంటే 270 డిగ్రీలు తిప్పినట్టు, బొటనవేలు రివర్స్ అయిపోతుంది. ఎప్పుడూ 180 కన్నా తక్కువ ఉన్న కోణంలోనే తిప్పాలి. మణికట్టు నొప్పెట్టేలాగ తిరుగుతోందంటే చెయ్యి కాదు, నువ్వు కూర్చున్న పొజిషన్ మార్చుకో, కావాలంటే కాగితాన్ని తిప్పు.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు ఇంకోటుంది, దీని దగ్గర కొంచెం నిదానంగా చదువు. r ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ముగుస్తుంది? ఏ బిందువు చుట్టూ టార్క్ కావాలో అక్కడ మొదలై, బలం పనిచేసే చోట ముగుస్తుంది. సైకిల్ షాపులో చక్రం నట్టుకి పానా పెట్టేవనుకో, నట్టు నుంచి పానా చివర నీ చెయ్యి ఉన్నచోటికి r. ఇప్పుడు బొమ్మ గీస్తే r బాణం మొన ఎక్కడ ఆగుతుందో అక్కడి నుంచే F బాణం బయల్దేరుతుంది, అంటే ఒకదాని తల దగ్గర ఇంకోదాని తోక. పిల్లవాడి కన్ను ఆ మూల మీదకే వెళ్తుంది, చెయ్యి ఆ మూల దగ్గర పెట్టి, వేళ్ళు మూల నుంచి నట్టు వైపుకి చాచి, అక్కణ్ణించి F వైపు ముడుస్తాడు. కానీ ఆ వేళ్ళు చూపిస్తున్నది r కాదు, −r. పానా నట్టు నుంచి కుడివైపుకి ఉండి, చివర్ని పైకి తోస్తే టార్క్ కాగితంలోంచి నీ వైపుకి రావాలి, వీడికి కాగితంలోపలికి వస్తుంది. విలువ ఎందుకు కరెక్టు వస్తుందంటే ఆ మూల దగ్గర కనిపించే కోణం 180 − θ, దాని సైనూ θ సైనూ ఒకటే. "విలువ కరెక్టు, గుర్తు తప్పు" అన్న నీ జబ్బుకి అసలు మూలం ఇదేనని నా అనుమానం. మందు ఏమిటంటే, వేళ్ళు పెట్టే ముందు F బాణాన్ని దాని దిక్కు మారకుండా జరిపి తోకని నట్టు దగ్గరికి తెచ్చుకో, రెండు తోకలూ ఒకచోట ఉన్నాక అప్పుడు చెయ్యి పెట్టు. బొమ్మలో పెన్సిల్‌తో చుక్కల బాణం గీసుకుంటే చాలు, పది సెకన్ల పని.

అంకెల్లో కూడా ఒకసారి చేసి చూద్దాం, ఎందుకంటే అక్కడ ఇంకో గుంట ఉంది. నట్టు దగ్గర మూలబిందువు, x కుడివైపుకి, y పైకి, z కాగితంలోంచి నీ వైపుకి. పానా చివర (0.20, 0.15, 0) మీటర్ల దగ్గర ఉంది, నీ చెయ్యి తోసే బలం (−30, 40, 0) న్యూటన్లు. రెండూ కాగితం మీదే ఉన్నాయి కాబట్టి z భాగం ఒక్కటే వస్తుంది.

τz = x·Fy − y·Fx
τz = (0.20)(40) − (0.15)(−30) = 8 + 4.5 = 12.5 N·m

చాలామంది రెండో భాగంలో రెండు మైనస్‌లు ఉన్నాయని చూసుకోకుండా 8 − 4.5 = 3.5 అని వేసి వదిలేస్తారు. ఇది పట్టుకోడానికి తేలిక దారి ఉంది. పానా పొడవు 0.25 మీ, బలం 50 న్యూటన్లు, రెండిటి డాట్ ప్రొడక్ట్ −6 + 6 = 0, అంటే లంబంగా తోస్తున్నావు, కాబట్టి విలువ 0.25 × 50 = 12.5 రావాల్సిందే. 3.5 వచ్చిందంటే గుర్తు ఎక్కడో జారింది. ఇప్పుడు చేత్తో చూడు, r కుడివైపు కొంచెం పైకి, F పైకి కొంచెం ఎడమకి, వేళ్ళు యాంటీక్లాక్‌వైజ్ తిరుగుతాయి, బొటనవేలు నీ వైపుకి, z ప్లస్. అంకె చెప్పినదీ చెయ్యి చెప్పినదీ ఒకటే అయ్యేక గానీ జవాబు గళ్ళో రాయకు.

అన్నట్టు ఈ నట్టు ఎటు వస్తుందో కూడా చూడు, యాంటీక్లాక్‌వైజ్ తిప్పితే మామూలు నట్టు ఊడి నీ వైపుకి వస్తుంది, బొటనవేలు కూడా నీ వైపే. మామూలు మరలన్నీ కుడిచెయ్యి మరలు కాబట్టి ఇది పనిచేస్తుంది, మర్చిపోయినప్పుడు బాటిల్ మూత తిప్పి చూసుకున్నా చాలు. కానీ సైకిల్ ఎడమ పెడల్ మీద మాత్రం పరీక్షించకు, దానికి కావాలనే ఎడమచెయ్యి మర పెడతారు, తొక్కుతుంటే ఊడిపోకుండా. ఒక కుర్రాడు ఇంటి దగ్గర ఆ పెడలే విప్పి చూసి మర్నాడు వచ్చి "రూలు తప్పు సార్" అన్నాడు, రూలు తప్పు కాదు, మర రకం వేరు.

ఇంకో చిన్న విషయం, ఇరుసులు. నువ్వే x, y, z గీసుకునేటప్పుడు x ముందు, y తర్వాత పెట్టి కుడిచెయ్యి తిప్పితే z రావాలి. x కుడికి, y నీ వైపుకి, z పైకి అని గీసేవనుకో, చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ చెయ్యి పెట్టి చూస్తే బొటనవేలు కిందకి పోతుంది, అది ఎడమచెయ్యి ఇరుసుల సెట్టు. అందులో ఫార్ములా పెట్టి చేసిన జవాబు ఒకలాగ, చేత్తో చూసినది ఇంకోలాగ వస్తుంది.

ఇప్పుడు యాంగ్యులర్ వెలాసిటీకి వద్దాం. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వైపుకి సైకిల్ తొక్కుతున్నావనుకో, అంటే తూర్పుకి. చక్రం తిరుగుతోంది, దాని ω ఎటు? కుడిచేతి వేళ్ళు చక్రం తిరిగే వైపుకి ముడువు, చక్రం పైభాగం ముందుకి పోతోంది, ముందు భాగం కిందకి దిగుతోంది. బొటనవేలు నీ ఎడమచేతి వైపుకి, అంటే ఉత్తరానికి చూస్తుంది. సాయంత్రం తిరిగి వస్తున్నప్పుడు పడమరకి వస్తున్నావు, ω దక్షిణానికి మారిపోతుంది, కానీ అప్పుడూ నీ ఎడమవైపే. ఇక్కడ పిల్లలు మొట్టమొదట అడిగేది "చక్రంలో ఏదీ ఉత్తరానికి పోవట్లేదు కదా సార్, మరి వెక్టర్ ఉత్తరానికి ఎందుకు" అని. న్యాయమైన ప్రశ్నే. తిరిగే చక్రంలో ప్రతి బిందువు వేగం దిక్కూ క్షణక్షణం మారిపోతుంది, ఒకటే మారకుండా ఉండేది ఇరుసు గీత, కాబట్టి ఆ గీత మీదే బాణం పెట్టేం. ఆ గీతకి రెండు చివరలున్నాయి, ఎటు పెట్టాలి అన్నది మనుషులు కుదుర్చుకున్న ఒప్పందం, కుడిచెయ్యి అన్నది ఆ ఒప్పందమే. ω వైపుకి ఏదో కదులుతోంది అని మాత్రం అనుకోకు.

సీలింగ్ ఫ్యాన్ చూసి చాలామంది ఇక్కడే పొరబడతారు. కింద పడుకుని చూస్తే యాంటీక్లాక్‌వైజ్ తిరిగే ఫ్యాన్‌కి ω నీ వైపుకి, అంటే కిందకి. గాలి కూడా కిందకే వస్తోంది కాబట్టి "ω గాలి వచ్చే వైపు" అని ఒక రూలు తయారుచేసుకుంటారు. గాలి ఎటు పోతుందన్నది రెక్కల వాలు బట్టి ఉంటుంది, వాలు ఎదురుగా ఉంటే అదే ω కి గాలి పైకి పోతుంది. ఇంకోటి, అదే ఫ్యాన్‌ని పైనుంచి చూడగలిగితే క్లాక్‌వైజ్ కనిపిస్తుంది. క్లాక్‌వైజ్, యాంటీక్లాక్‌వైజ్ అన్నవి చూసేవాడు ఎక్కడున్నాడో చెప్తేనే అర్థం ఉన్న మాటలు, వెక్టర్‌కి ఆ బాధ లేదు, పైనుంచి చూసినా కిందనుంచి చూసినా కిందకే. అందుకే లెక్కలో "క్లాక్‌వైజ్" అని కనిపిస్తే ముందు "ఎటునుంచి చూస్తే" అని వెతుక్కో.

చక్రం మీద బిందువు వేగం కావాలంటే వరస ఇది:

v = ω × r

ఇక్కడ ω ముందు! టార్క్‌లో r ముందు, ఇందులో r తర్వాత, పిల్లలు టార్క్ అలవాటులో r × ω రాసేస్తారు. సరిచూసుకోవడం మాత్రం చాలా తేలిక. తూర్పు x, ఉత్తరం y, పైకి z అనుకో. ω ఉత్తరానికి, చక్రం పైభాగానికి r పైకి, y × z = x, తూర్పుకి, కరెక్టే, చక్రం పైన ముందుకే పోవాలి. నేలకి తగిలే చోట r కిందకి, v పడమరకి వస్తుంది. సైకిల్ 5 m/s తో తూర్పుకి పోతుంటే, చక్రం జారట్లేదు కాబట్టి ఆ బిందువుకి ఇరుసుతో పోలిస్తే 5 m/s పడమరకి, రెండూ కలిపితే సున్నా, నేలకి తగిలిన బిందువు ఆ క్షణంలో ఆగి ఉంది. r × ω రాసుంటే కింద బిందువు 10 m/s తో ముందుకి పోతున్నట్టు వచ్చేది, టైరు నేల మీద ఈడ్చుకుపోతున్నట్టు, అది చూడగానే తప్పని తెలిసిపోతుంది.

ఒక మాట గమనించు, ω కి బాణం పెట్టడానికి ఒకసారి చెయ్యి వాడేం, ω × r చెయ్యడానికి ఇంకోసారి వాడేం. రెండుసార్లూ ఎడమచెయ్యే వాడి ఉంటే ω దక్షిణానికి వచ్చేది, క్రాస్ ప్రొడక్ట్ కూడా తిరగబడేది, v మాత్రం మళ్ళీ తూర్పుకే వచ్చేది. నిజంగా కళ్ళకి కనిపించే వేగం చెయ్యి బట్టి మారదు. ఒకసారి కుడి, ఒకసారి ఎడమ వాడితేనే చక్రం వెనక్కి తిరిగిపోతుంది.

ఇక నీ రెండో ప్రశ్న, టార్కూ ω ఎప్పుడూ ఒకే వైపు ఉంటాయా. ఉండవు. అదే సైకిల్ మీద చూడు. తొక్కుతుంటే చైను పైవరస బిగుసుకుని వెనక చక్రం పళ్ళచక్రాన్ని పైన ముందుకి లాగుతుంది, r పైకి, F తూర్పుకి, z × x = y, ఉత్తరానికి. ω కూడా ఉత్తరమే, చక్రం జోరందుకుంటుంది. ఇప్పుడు బ్రేక్ నొక్కు, రబ్బరు రిమ్ముని పైభాగంలో పట్టుకుందనుకో, రిమ్ము ముందుకి పోతోంది కాబట్టి రాపిడి రిమ్ము మీద వెనక్కి, పడమరకి. z × (−x) = −y, దక్షిణానికి. చక్రం ఇంకా ముందుకే తిరుగుతోంది, ω ఇంకా ఉత్తరమే, టార్క్ మాత్రం దక్షిణం. టార్క్ చెప్పేది ω ఎటు ఉందని కాదు, ఎటు మారుతోందని. బలానికీ వేగానికీ ఉన్న సంబంధమే ఇది, పైకి విసిరిన బంతి పైకి పోతున్నా దాని మీద బలం కిందకే కదా. "చక్రం ముందుకి తిరుగుతోంది, కాబట్టి టార్క్ ఎడమవైపు" అని బ్రేక్ లెక్కలో రాసేవాళ్ళకి మార్కు పోయేది ఇక్కడే.

మూడో రకం కూడా ఉంది, టార్క్ ω కి అడ్డంగా ఉండేది. దీన్ని చదివి వదిలెయ్యకు, చెయ్యి. పాత సైకిల్ ముందు చక్రం ఒకటి తెచ్చుకో, ఇరుసు ఒక పక్కకి పొడుగ్గా ఉండేలాగ ఏదైనా రాడ్డు బిగించు, ఆ రాడ్డు చివర తాడు కట్టి దూలానికి వేలాడదియ్యి. ఇరుసు అడ్డంగా ఉండేలాగ చేత్తో పట్టుకుని చక్రాన్ని గట్టిగా తిప్పి వదిలెయ్యి. పడిపోవాలి కదా, పడదు, తాడు చుట్టూ మెల్లగా తిరగడం మొదలెడుతుంది. మా క్లాసులో ఇది చేసిన రోజు వెనక బెంచీ వాళ్ళు కూడా బల్లలెక్కి చూసేరు.

ఎటు తిరుగుతుందో ముందే చెప్పగలవు. తాడు కట్టినచోట మూలబిందువు పెట్టు, చక్రం దానికి తూర్పున ఉంది, r తూర్పుకి. బరువు కిందకి. వేళ్ళు తూర్పుకి చాచి కిందకి ముడువు, బొటనవేలు ఉత్తరానికి. కాబట్టి టార్క్ ఉత్తరానికి. తాడు లాగే బలం మూలబిందువు దగ్గరే ఉంది, దాని టార్క్ సున్నా. చక్రాన్ని దాని ω, దానితోపాటు యాంగ్యులర్ మొమెంటం L, తాడు నుంచి బయటికి అంటే తూర్పుకి ఉండేలాగ తిప్పేవనుకో. తూర్పు చివర నిలబడి తాడు వైపు చూస్తే అది యాంటీక్లాక్‌వైజ్ తిరుగుతూ కనిపించాలి. తూర్పుకి ఉన్న L కి ప్రతి క్షణం కొంచెం ఉత్తరం కలుస్తోంది, అంటే L బాణం పొడవు పెరగట్లేదు, ఉత్తరం వైపుకి తిరుగుతోంది, దానితో ఇరుసూ చక్రమూ కూడా. పైనుంచి చూస్తే యాంటీక్లాక్‌వైజ్. ఇప్పుడు చక్రాన్ని ఎదురు వైపుకి తిప్పి వదిలితే L పడమరకి, టార్క్ మాత్రం అదే ఉత్తరం, పడమర బాణం ఉత్తరం వైపుకి తిరిగితే పైనుంచి చూసినప్పుడు క్లాక్‌వైజ్, చక్రం ఈసారి దక్షిణం వైపుకి పోతుంది. "టార్క్ ఉత్తరానికి ఉంది కాబట్టి చక్రం ఎప్పుడూ ఉత్తరానికే పోతుంది" అనుకునేవాళ్ళు ఈ రెండో ప్రయోగంలో దొరికిపోతారు. ఉత్తరం వైపుకి తిరిగేది L బాణం, చక్రం దాని వెనకాల ఎటు పోవాలో అటు పోతుంది.

ఎంత మెల్లగా తిరుగుతుందో కూడా వేసుకోవచ్చు. చక్రం 2 కిలోలు, వ్యాసార్థం 0.3 మీ, బరువంతా రిమ్ములోనే ఉందనుకుంటే I = 2 × 0.09 = 0.18. తాడు నుంచి చక్రం మధ్యకి 0.1 మీ. సెకనుకి 5 చుట్లు అంటే ω = 31.4 rad/s.

τ = m·g·r = 2 × 9.8 × 0.1 = 1.96 N·m
L = I·ω = 0.18 × 31.4 ≈ 5.65
Ω = τ / L ≈ 0.35 rad/s

అంటే తాడు చుట్టూ ఒక చుట్టుకి దగ్గర దగ్గర 18 సెకన్లు. స్పోకులూ హబ్బూ వేరేగా లెక్కెయ్యలేదు కాబట్టి నీ వాచీలో కొంచెం తేడా వస్తుంది. చక్రం స్పిన్ బాగా జోరుగా ఉన్నంతవరకే ఈ ఫార్ములా నమ్ము, బాగా తగ్గిపోతే ఇరుసు ఊగులాడి కిందకి వాలిపోతుంది. ఇంకో సంగతి, చక్రం నెమ్మదిస్తున్నకొద్దీ తాడు చుట్టూ తిరగడం నెమ్మదిస్తుందని అందరూ అనుకుంటారు. L కింద ఉంది కదా, L తగ్గితే Ω పెరుగుతుంది, సెకనుకి 5 చుట్ల నుంచి రెండున్నరకి వచ్చేసరికి 18 సెకన్లు 9 అవుతాయి. వాచీ పెట్టుకుని చూడు, ఏ వైపుకి తిరిగిందో, మొదటి చుట్టుకెంత పట్టిందో, మూడో చుట్టుకెంత పట్టిందో రాసి ఇక్కడ పెట్టు, దిక్కు నీకు అనుకున్నదానికి ఎదురుగా వస్తే r ఎక్కడ మొదలెట్టేవో బొమ్మ కూడా పెట్టు, చూసి చెప్తాను.